గీతకు ఏ కొసన చూడాలి?

డేటాబేస్ కట్టే ముందు గీసుకునే బొమ్మను ఈఆర్ డయాగ్రమ్ అంటారు. ఏ వివరాలు దాచాలి, వాటి మధ్య సంబంధం ఏమిటి అనేవి అందులో కనిపిస్తాయి. కాలేజీ పుస్తకాల్లో ఎక్కువగా ఉండేది చెన్ పద్ధతి. ఉద్యోగంలో చేరాక వాడే సాఫ్ట్‌వేర్ తరచూ కాకికాలు పద్ధతిలో గీసి చూపిస్తుంది. ఒకటి చదవడం వచ్చినవాళ్లు రెండోదాన్నీ అదే అలవాటుతో చదువుతారు. చిక్కు అక్కడే వస్తుంది.

పీటర్ చెన్ 1976లో రాసిన వ్యాసంతో మొదటి పద్ధతి వచ్చింది. అందులో విద్యార్థి, సెక్షన్ వంటివి పెట్టెలు. వాటి మధ్య సంబంధం ఒక డైమండ్. గీతల పక్కన 1, N, M అని రాస్తారు. కాకికాలు గుర్తు మూలం గోర్డన్ ఎవరెస్ట్ అదే ఏడాది రాసిన వ్యాసంలో ఉంది. ఇక్కడ డైమండ్ ఉండదు, పెట్టె నుంచి పెట్టెకు ఒకే గీత. ఆ గీత కొసన చిన్న గుర్తులు ఉంటాయి. సున్న అంటే ఒక్కటీ లేకపోవచ్చు, అడ్డగీత అంటే ఒకటి, మూడు వేళ్లుగా చీలిన కాకికాలు అంటే చాలా. ప్రతి కొసనా రెండు గుర్తులుంటాయి. పెట్టెను ఆనుకున్నది గరిష్ఠం, కాస్త లోపలికి ఉన్నది కనిష్ఠం.

ఒక బడినే తీసుకుందాం. ప్రతి విద్యార్థీ కచ్చితంగా ఒక సెక్షన్‌లో ఉండాలి. సెక్షన్‌లో మాత్రం ఎంతమందైనా ఉండొచ్చు. జూన్‌లో కొత్తగా తెరిచిన సి-సెక్షన్‌లో ఇంకా ఎవరూ చేరకపోవచ్చు కూడా.

చెన్ పద్ధతిలో విద్యార్థి వైపు N, సెక్షన్ వైపు 1 రాస్తాం. ఒక విద్యార్థికి ఎన్ని సెక్షన్లో తెలియాలంటే విద్యార్థి దగ్గర బయల్దేరి, డైమండ్ దాటి, అవతలి అంకె చూడాలి. ‘తప్పనిసరి’ అన్న సంగతికి మాత్రం వేరే గుర్తుంది. ఆ తర్వాతి పాఠ్యపుస్తకాలు దీన్ని జంట గీతతో చూపిస్తాయి. తప్పనిసరిగా పాల్గొనేది విద్యార్థి కాబట్టి జంట గీత విద్యార్థి వైపే పడుతుంది. అంటే అంకె అవతల, తప్పనిసరి ఇవతల.

కాకికాలు పద్ధతిలో రెండూ అవతలి కొసనే ఉంటాయి. విద్యార్థి దగ్గర బయల్దేరి సెక్షన్ కొసకు వెళ్తే రెండు అడ్డగీతలు కనిపించాలి. కనీసం ఒకటి, గరిష్ఠంగా ఒకటి అని వాటి అర్థం. సెక్షన్ నుంచి విద్యార్థి కొసకు వస్తే సున్న, దాని తర్వాత కాకికాలు. ఒక్కరూ లేకపోవచ్చు, చాలామంది ఉండొచ్చు.

చెన్ బొమ్మను కాకికాళ్లలోకి మార్చేటప్పుడు జంట గీత ఉన్న వైపే ‘కనీసం ఒకటి’ అన్న అడ్డగీత పెట్టేస్తారు. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన పొరపాటు. అప్పుడు విద్యార్థి కొసన అడ్డగీత, కాకికాలు. సెక్షన్ కొసన సున్న, అడ్డగీత వస్తాయి. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. అర్థం మాత్రం తలకిందులైంది: సెక్షన్‌లో కనీసం ఒక విద్యార్థి ఉండి తీరాలి, విద్యార్థికి సెక్షన్ లేకపోయినా ఫర్వాలేదు.

ఈ తేడా టేబుల్‌లోకి సరాసరి దిగుతుంది. సరైన బొమ్మ ప్రకారం student టేబుల్‌లో ఈ వరుస ఉండాలి:

```sql
section_id INT NOT NULL REFERENCES section(section_id)
```

తప్పు బొమ్మ చూసి రాసినవాళ్లు NOT NULL తీసేస్తారు. అడ్మిషన్ల సమయంలో ఎవరో సెక్షన్ నింపడం మరిచిపోయినా డేటాబేస్ అడ్డుచెప్పదు. ఆ పిల్లలు ఏ హాజరు పట్టీలోనూ కనబడరు. ‘సెక్షన్‌లో కనీసం ఒకరు’ అన్న రెండో నియమాన్ని ఈ వరుస ఒక్కటే అమలు చేయలేదు. దానికి ప్రోగ్రామర్ వేరే కోడ్ రాస్తాడు, అది కాస్తా ఖాళీ సి-సెక్షన్‌ను తెరవనివ్వదు. హాజరు పట్టీ తేలినప్పుడు గానీ, కొత్త సెక్షన్ తెరవబోయినప్పుడు గానీ తప్పు బయటపడదు.

కొన్ని పుస్తకాలు చెన్ డైమండ్‌నే ఉంచి, 1, N లకు బదులు (1,1), (0,N) అని కనిష్ఠ, గరిష్ఠాల జంటలు రాస్తాయి. ఎల్మాస్రి, నవాతే పాఠ్యపుస్తకంలో ఈ రూపం ఉంది. అక్కడ విద్యార్థి పక్కనే (1,1) ఉంటుంది. విద్యార్థి ఎన్నిసార్లు ఈ సంబంధంలో పాల్గొంటాడో చెప్పే జంట కాబట్టి అది ఇవతలే ఉంటుంది. అదే చోట మామూలు చెన్ బొమ్మలో N ఉండేది. అందుకే డైమండ్ కనబడగానే చెన్ పద్ధతి అని తీర్మానించుకుని చదవడం సరిపోదు.

కొత్త బొమ్మ చేతికొస్తే నేను ముందుగా దాంట్లో నాకు రూఢిగా తెలిసిన ఒక సంబంధాన్ని వెతుకుతాను. ఒక బిల్లుకు ఒక్క కొనుగోలుదారే ఉంటాడు, ఒక కొనుగోలుదారుకు చాలా బిల్లులు ఉండొచ్చు అనే రకానిది. ‘ఒకటి’ అన్న గుర్తు కొనుగోలుదారు వైపు ఉంటే గరిష్ఠాన్ని అవతలి కొసన చదవాలి. బిల్లు వైపు ఉంటే ఇవతలే చదవాలి. కనిష్ఠానికీ ఇదే పరీక్ష విడిగా పెట్టాలి, ఎందుకంటే జంట గీతల బొమ్మలో గరిష్ఠం ఒక కొసన, కనిష్ఠం మరో కొసన ఉంటాయి.