తిరిగే స్పౌట్ అడుగున కారే నీరు: ఓ-రింగుల మార్పు, గ్రీజు పూత

వంటగది సింకుపై నిలబెట్టే కుళాయిల్లో హంసమెడలా వంగిన గొట్టం ఉండి, అది అటూ ఇటూ తిరిగే రకం ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. నీరు బయటికి వచ్చే ఆ వంపు గొట్టాన్ని స్పౌట్ అంటారు. కొన్నేళ్లు వాడాక, స్పౌట్ కుళాయి బాడీలోకి దిగే చోట చుట్టూ నీరు ఊరడం మొదలవుతుంది. చాలామంది అక్కడున్న నట్టును గట్టిగా బిగిస్తారు, లేదా టెఫ్లాన్ టేపు చుడతారు. లీకు ఆగదు. ఎందుకు ఆగదో, ఏం చేస్తే ఆగుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. లీకు ఎక్కడిదో నిర్ధారించడం

ముందుగా కుళాయి కట్టివేసి, బాడీని పొడిగుడ్డతో తుడవండి. స్పౌట్ అడుగున టిష్యూ కాగితం చుట్టి పది నిమిషాలు ఆగండి. కాగితం పొడిగా ఉంటే కుళాయి తెరవండి. తుంపరలు కాగితంపై పడకుండా నీటిని ఒక గిన్నెలోకి పట్టుకుంటూ, స్పౌట్‌ను నెమ్మదిగా రెండు వైపులకూ తిప్పండి. ఇప్పుడు కాగితం తడిస్తే లోపం స్పౌట్ ఓ-రింగులదే.

ఈ పరీక్ష వెనుక కారణం సులువైనదే. నీటిని కట్టే వాషరుగానీ కార్ట్రిడ్జ్‌గానీ స్పౌట్ కంటే ముందు ఉంటుంది. కాబట్టి కుళాయి కట్టి ఉన్నంతసేపూ స్పౌట్ ఓ-రింగులపై పైపు ఒత్తిడి పడదు. కట్టిన వెంటనే మాత్రం స్పౌట్ నిలువు భాగంలో మిగిలిన నీరు కొద్దిసేపు ఊరవచ్చు. అది దానంతటదే ఆగిపోతుంది. కుళాయి కట్టిన తరువాత కూడా స్పౌట్ మూతి నుంచి చుక్కలు గంటల తరబడి పడుతుంటే ఆ లోపం వాషరు లేదా కార్ట్రిడ్జ్‌ది. అప్పుడు ఓ-రింగులు మార్చి ప్రయోజనం లేదు.

అడుగున ఊరిన నీరు సింకులోకే పోతుంది కదా అని వదిలివేయకూడదు. అందులో కొంత కుళాయి బిగించిన రంధ్రం గుండా కిందికి దిగి, సింకు కింది అల్మరా ప్లైవుడ్‌ను ఉబ్బిస్తుంది. పైన కనిపించే తడి కంటే కింద జరిగే నష్టం తరచుగా ఎక్కువ.

2. ఓ-రింగ్ నీటిని ఎలా ఆపుతుంది?

వాషరు బిగింపుతో పనిచేస్తుంది. రెండు లోహపు ముఖాల మధ్య దాన్ని ఎంత నొక్కితే అంతగా అది నీటిని ఆపుతుంది. ఓ-రింగ్ అలా కాదు. అది స్పౌట్ అడుగు భాగంలో చెక్కిన గాడిలో కూర్చుంటుంది. స్పౌట్‌ను బాడీ రంధ్రంలోకి దించినప్పుడు, గాడి అడుగుకూ రంధ్రపు గోడకూ మధ్య రింగు పక్కల నుంచి కాస్త నలుగుతుంది. ఆ నలుగుడే నీటికి అడ్డుకట్ట. పైనున్న నట్టు లేదా గ్రబ్ స్క్రూ చేసే పని స్పౌట్ పైకి లేచిపోకుండా పట్టుకోవడం మాత్రమే. నట్టును ఎంత బిగించినా రింగు మరి కాస్త నలగదు. బిగింపు మరీ ఎక్కువైతే స్పౌట్ తిరగడం కష్టమవుతుంది, మరలు చెడిపోతాయి.

ఓ-రింగుకు అమెరికాలో 1939లో పేటెంట్ పొందినవారు డెన్మార్క్‌లో పుట్టిన నీల్స్ క్రిస్టెన్సెన్. గాడి వెడల్పు రింగు మందం కంటే ఎక్కువగా ఉండాలన్నది ఆయన అమరికలోని ముఖ్యాంశం. నలిగిన రబ్బరు పక్కకు సర్దుకోవడానికి ఆ ఖాళీ అవసరం. మన కుళాయి గాడిలో రింగు పక్కన ఖాళీ కనిపిస్తే అది లోపం కాదు. అందులో టేపు చుట్టి నింపితే రింగుకు సర్దుకునే చోటు పోతుంది.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. పెద్ద ఒత్తిడి ఉన్న యంత్రాల్లో ఆ ఒత్తిడే రింగును గోడకు అదిమి సహాయం చేస్తుంది. స్పౌట్‌లో అంత ఒత్తిడి ఉండదు, ఎందుకంటే దాని మూతి తెరిచే ఉంటుంది. అందువల్ల భారమంతా రింగు మొదటి నలుగుడు మీదే పడుతుంది. వయసుతో రబ్బరు బల్లపరుపుగా మారి ఆ నలుగుడు పోగానే లీకు మొదలవుతుంది. బోరు నీటి ఉప్పు పేరుకుని మూతి దగ్గరి జాలీ, అంటే ఎయిరేటర్, మూసుకుపోతే స్పౌట్‌లో ఒత్తిడి పెరిగి లీకు మరింత ఎక్కువవుతుంది. కాబట్టి రింగులు మార్చేటప్పుడు జాలీని కూడా విప్పి కడగాలి.

3. విప్పడం, శుభ్రపరచడం

సింకు కింద ఉన్న యాంగిల్ కాక్‌ను మూయండి. అది లేకపోతే పైనున్న ట్యాంకు నుంచి వచ్చే వాల్వును మూయాలి. తరువాత కుళాయి తెరిచి మిగిలిన నీటిని పోనివ్వండి. సింకు రంధ్రాన్ని గుడ్డతో మూయండి. చిన్న స్క్రూ జారితే నేరుగా గొట్టంలోకి పోతుంది.

స్పౌట్ అడుగున వెనుకవైపు చిన్న గ్రబ్ స్క్రూ ఉందేమో చూడండి. ఉంటే అలెన్ కీతో వదులు చేయాలి. నట్టు ఉన్న రకమైతే దానికి గుడ్డ చుట్టి స్పానరుతో విప్పాలి. గుడ్డ లేకపోతే క్రోమియం పూతపై గీతలు పడతాయి. ఆ తరువాత స్పౌట్‌ను కుడి ఎడమలకు తిప్పుతూ నిటారుగా పైకి లాగండి. పక్కకు వంచి లాగకూడదు. బయటికి వచ్చాక రింగులు, ప్లాస్టిక్ వలయాలు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి.

పాత రింగులను వెదురుపుల్లతో లేపి తీయాలి. స్క్రూడ్రైవరు మొన గాడిలో గీత పెడితే నీటికి అదే దారి అవుతుంది. గాడిలోనూ రంధ్రపు గోడపైనా తెల్లటి పొర ఉంటే, సమానంగా నీరు కలిపిన వెనిగర్‌లో తడిపిన గుడ్డను పదిహేను నిమిషాలు ఉంచి, తుడిచి, మంచినీటితో కడగండి. బాత్‌రూము కడిగే యాసిడ్ వాడకండి. అది క్రోమియం పూతనూ, కింది ఇత్తడినీ తినేస్తుంది.

శుభ్రపరిచాక రంధ్రపు గోడపై వేలిగోరు నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ లోతైన గీతో, తుప్పు గుంటో ఉన్నట్లు. అలాంటి గోడ కొత్త రింగును త్వరలోనే కోసేస్తుంది. అప్పుడు ఆ భాగాన్ని లేదా కుళాయినే మార్చాలి.

4. సరైన కొలత: ఒక ఉదాహరణ

దుకాణంలో పాత రింగును చూపించి అలాంటిదే అడగడం అలవాటు. పాత రింగు నలిగిపోయి ఉంటుంది కనుక ఆ కొలత మోసం చేస్తుంది. గాడినీ రంధ్రాన్నీ కొలవడమే సరైన పద్ధతి. దీనికి వెర్నియర్ కాలిపర్ చాలు.

ఒక కుళాయిలో బాడీ రంధ్రం వ్యాసం 17.8 మి.మీ., స్పౌట్ గాడి అడుగున వ్యాసం 13.4 మి.మీ. ఉన్నాయనుకుందాం. రెండింటి తేడా 4.4 మి.మీ. ఇది రెండు పక్కలా పంచుకుంటుంది కాబట్టి ఒక్కో పక్క సందు 2.2 మి.మీ. పాత రింగు మందం కొలిస్తే 2.2 మి.మీ. వచ్చింది. సందూ రబ్బరూ సమానం, అంటే నలుగుడు లేదు. లీకు కారణం ఇదే.

పాత కొలత నమ్మి 2.2 మి.మీ. దగ్గరి రింగు తెస్తే మొదటి రోజు నుంచే కారుతుంది. 2.5 మి.మీ. మందం ఉన్న రింగు 0.3 మి.మీ. నలుగుతుంది. అది మందంలో 12 శాతం. తిరిగే భాగానికి 10 నుంచి 15 శాతం మధ్య నలుగుడు సరిపోతుంది. ఎక్కువ మందమైతే మరింత గట్టిగా ఆపుతుందని 3 మి.మీ. రింగు వేస్తే నలుగుడు 27 శాతం దాకా పోతుంది. స్పౌట్ తిరగడం బరువెక్కుతుంది, దించేటప్పుడే రబ్బరు అంచు తెగవచ్చు.

లోపలి వ్యాసం గాడి కంటే కొంచెం తక్కువ ఉండాలి, అప్పుడే రింగు గాడిని పట్టుకుంటుంది. ఇక్కడ 13 మి.మీ. సరిపోతుంది, సాగుడు 3 శాతమే. కాబట్టి దుకాణంలో అడగవలసింది లోపలి వ్యాసం 13, మందం 2.5 మి.మీ. రింగు. స్పౌట్‌పై రెండు గాడులుంటే ఒకటే కారుతున్నా రెండు రింగులూ మార్చండి. రెండింటి వయసూ ఒకటే.

5. గ్రీజు: ఏది, ఎంత?

స్పౌట్ తిరిగిన ప్రతిసారీ రింగు గోడపై రాసుకుంటుంది. పొడి రింగు జారకుండా గోడను పట్టుకుని గాడిలోనే మెలిపడుతుంది, కొన్నాళ్లకు చీలుతుంది. గ్రీజు పని ఈ రాపిడిని తగ్గించడమే. లీకును ఆపడం గ్రీజు పని కాదు. కొలత తప్పిన రింగుకు ఎంత గ్రీజు పూసినా కొద్ది రోజుల ముచ్చటే.

కుళాయి రింగులు ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి లేదా ఇ.పి.డి.ఎం. రబ్బరువి. రెండూ నల్లగానే ఉంటాయి, కంటితో తేడా చెప్పలేం. ఇ.పి.డి.ఎం. రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. అందువల్ల వాజలీన్, బండి గ్రీజు, కుట్టుమిషన్ నూనె వాడకూడదు. కొబ్బరినూనె నీటికి త్వరగా కొట్టుకుపోతుంది, మిగిలింది జిగురవుతుంది. రెండు రబ్బర్లకూ సరిపడేది సిలికాన్ గ్రీజు. తాగునీటి అమరికలకు తగినదని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. దుకాణంలో సిలికాన్ అని మాత్రమే అడిగితే సింకు అంచులకు పూసే సీలెంట్ ఇవ్వవచ్చు. అది ఆరి గట్టిపడి అంటుకుపోతుంది. గ్రీజు ఎప్పటికీ ఆరదు.

ఒక్కో రింగుకు బియ్యపు గింజంత గ్రీజు చాలు. దాన్ని వేళ్ల మధ్య రింగు చుట్టూ రాసి, రబ్బరంతా సన్నగా మెరిసేలా చేయండి. రంధ్రపు గోడకు కూడా పల్చగా పూయండి. ముద్దగా కనిపిస్తే ఎక్కువైనట్లే. అదనపు గ్రీజు గాడిని నింపుతుంది, ఇసుకను పట్టి ఉంచుతుంది.

6. అమర్చడం, పరీక్షించడం

రింగును గాడిలోకి దొర్లించకుండా, సమంగా సాగదీసి కూర్చోబెట్టండి. ఎక్కడా మెలిక లేదని వేలితో తడిమి చూడండి. స్పౌట్‌ను నిటారుగా పట్టుకుని, కొద్దికొద్దిగా తిప్పుతూ దించండి. మధ్యలో ఆగితే బలం పెట్టవద్దు; రింగు అంచు రంధ్రం మూతికి తగులుతోందని అర్థం. పైకి తీసి సరిచూడాలి. చివర నట్టును చేతితో బిగించి, స్పానరుతో కొద్దిగా మాత్రమే తిప్పండి. గ్రబ్ స్క్రూ రకమైతే స్క్రూ దాని గాడిలోకే దిగిందో లేదో చూసుకోండి.

యాంగిల్ కాక్‌ను నెమ్మదిగా తెరిచి, మొదట చేసిన టిష్యూ పరీక్షనే మళ్లీ చేయండి. రెండు నిమిషాలు నీరు వదిలి, స్పౌట్‌ను పదిసార్లు తిప్పండి. కాగితం పొడిగా ఉండి, స్పౌట్ ఒక వేలితో తిరిగితే పని సరిగా జరిగినట్లు. కాగితం పొడిగా ఉన్నా స్పౌట్ బరువుగా తిరిగితే రింగు మందం ఎక్కువైంది. తేలికగా తిరిగి కాగితం తడిస్తే మందం తక్కువైంది, లేదా గోడపై గీత ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ప్రశ్న: ఒక కుళాయిలో రంధ్రం వ్యాసం 20 మి.మీ., గాడి అడుగున వ్యాసం 16.4 మి.మీ. దుకాణంలో 1.8, 2, 2.5 మి.మీ. మందాల్లో రింగులున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: ఒక్కో పక్క సందు 1.8 మి.మీ. కాబట్టి 1.8 రింగు అసలు నలగదు. 2.5 రింగు 28 శాతం నలుగుతుంది, స్పౌట్ తిరగదు. 2 మి.మీ. రింగు 0.2 మి.మీ., అంటే 10 శాతం నలుగుతుంది. అదే సరైనది. లోపలి వ్యాసం 16 మి.మీ. తీసుకోవాలి.