లేజర్ ప్యాకేజీ పని చేయలేదా? 'నో రీఫండ్' అన్నా డబ్బులు ఇలా అడగొచ్చు..

ఎనిమిది సిట్టింగ్స్‌లో గడ్డం మీద అవాంఛిత రోమాలు పోతాయన్నారు. ఐదు అయిపోయాయి. తేడా ఏమీ కనిపించలేదు. అడిగితే 'రిజల్ట్ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది మేడమ్.. అయినా బిల్లు మీద నో రీఫండ్ అని ఉంది కదా' అనే సమాధానం. మరి ఇలాంటప్పుడు కట్టిన డబ్బులో కొంతైనా వెనక్కి వస్తుందా? ఎలా అడగాలి? ఓ ఉదాహరణతో చూద్దాం.

విజయవాడ గుణదలలో ఉండే ఓ యువతి అనుకుందాం. ఫిబ్రవరిలో ఓ స్కిన్ క్లినిక్‌లో రూ.32,000 కట్టి 8 సిట్టింగ్స్ లేజర్ ప్యాకేజీ తీసుకుంది. ఆగస్టు నాటికి 5 పూర్తయ్యాయి. ఇప్పుడు మిగతావి వద్దు, డబ్బులు కావాలి అంటోంది.

'రిజల్ట్ రాలేదు' అంటే చాలదు

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫిర్యాదులో 'రిజల్ట్ రాలేదు' అనే ఒక్క మాటే రాస్తారు. వైద్యంలో ఫలితం రాకపోవడం ఒక్కటే లోపం కిందకు రాదు. చేయాల్సింది చేయకపోతే, చెప్పాల్సింది చెప్పకపోతే, లేనిది ఉన్నట్టు చెప్పి డబ్బు తీసుకుంటే అది లోపం. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కాబట్టి క్లినిక్‌ను అడిగే హక్కు ఉంది. ఏం అడుగుతున్నామన్నదే ముఖ్యం.

లేజర్ ఎలా పని చేస్తుందో తెలిస్తే ఏం అడగాలో అర్థమవుతుంది. లేజర్ కిరణం వెంట్రుకలోని నలుపు రంగును పట్టుకుని కుదురును వేడెక్కిస్తుంది. అందుకే నల్లగా, మందంగా ఉన్న వెంట్రుకలపై బాగా పని చేస్తుంది. తెల్లవాటిపై, సన్నని నూగుపై పెద్దగా పని చేయదు. పైగా పీసీఓఎస్ లాంటి హార్మోన్ సమస్య ఉంటే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. ఆడవాళ్లకు గడ్డం మీద రోమాలు ఎక్కువగా వస్తుంటే పీరియడ్స్ సరిగా వస్తున్నాయా అని ముందే అడగాలి. అవసరమైతే హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఇవేమీ అడగకుండా మొదటి రోజే 'శాశ్వతంగా పోతాయి' అని చెప్పి ప్యాకేజీ అమ్మితే, ఫిర్యాదుకు అదే అసలు బలం. నిజానికి లేజర్‌తో వెంట్రుకలు బాగా తగ్గుతాయి కానీ, మొత్తం పోతాయని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

క్లినిక్ వైపు వాదన కూడా ఉంటుంది

'మధ్యలో థ్రెడింగ్ చేయించుకున్నారు' అని క్లినిక్ అనొచ్చు. ఇది ఉత్త సాకు కాదు. థ్రెడింగ్, వాక్సింగ్ చేస్తే వెంట్రుక కుదురుతో సహా వచ్చేస్తుంది. అప్పుడు లేజర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మొహానికి సాధారణంగా 4 నుంచి 6 వారాల గ్యాప్‌లో సిట్టింగ్స్ ఉంటాయి. మీరే రెండు మూడు నెలలు వెళ్లకపోయినా ఆ మాట వస్తుంది. మీ వైపు తప్పు ఉంటే దాచొద్దు. ఆ మేరకు తగ్గించి అడగండి.

ఉత్తరం రాసే ముందు మీ ట్రీట్‌మెంట్ రికార్డు అడిగి తీసుకోండి. ఏ తేదీన, ఏ మెషీన్‌తో, ఎంత ఎనర్జీతో చేశారు, చూసిన డాక్టర్ ఎవరు అనేవి అందులో ఉండాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం పేషెంట్ అడిగితే డాక్టర్ 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. ఐదు సిట్టింగ్స్‌లో ఒక్కసారి కూడా డాక్టర్ చూడలేదని, ఎనర్జీ వివరాలే రాయలేదని తేలితే అదీ ఫిర్యాదులో రాయొచ్చు. మొదటి రోజు ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ మెసేజ్, 'గ్యారంటీ' అని ఉన్న ప్రకటన స్క్రీన్‌షాట్ దాచిపెట్టుకోండి.

ఎంత అడగాలి?

అసలు గొడవ ఇక్కడే. రూ.32,000ను 8తో భాగిస్తే సిట్టింగ్‌కు రూ.4,000. మిగిలినవి మూడు కాబట్టి రూ.12,000 రావాలని మన లెక్క. క్లినిక్ ఇంకోలా లెక్కేస్తుంది. 'విడిగా అయితే సిట్టింగ్ రూ.6,000. ఐదింటికి రూ.30,000 అయిపోయింది. మీకు వచ్చేది రూ.2,000' అంటుంది. ఆ రూ.6,000 రేటు, మధ్యలో ఆపేస్తే ఆ రేటే వేస్తామన్న మాట మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉన్నాయా చూడండి. లేకపోతే ప్యాకేజీ రేటే లెక్క అని గట్టిగా చెప్పొచ్చు.

అయిపోయిన ఐదింటి రూ.20,000 వేరే విషయం. మెషీన్ వాడారు, మనిషి పని చేశారు. కాబట్టి మొత్తం అడిగితే నిలబడటం కష్టం. హార్మోన్ సంగతి అడగకుండా అమ్మారన్న కారణంతో సగం, అంటే రూ.10,000 అడగొచ్చు. ఇంతే ఇవ్వాలని చట్టంలో లెక్కేమీ లేదు. రెండింటినీ విడివిడిగా చూపిస్తే మొదటిదైనా త్వరగా తేలుతుంది.

'జీఎస్టీ గవర్నమెంట్‌కు కట్టేశాం, అది రాదు' అంటే క్రెడిట్ నోట్ ఇవ్వమనండి. బిల్లు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకు క్లినిక్‌కు ఆ అవకాశం ఉంటుంది. ఈఎంఐ మీద తీసుకుని ఉంటే మాత్రం కోపంతో కట్టడం ఆపొద్దు. లోన్ ఇచ్చిన కంపెనీతో క్లినిక్ గొడవకు సంబంధం ఉండదు. సిబిల్ స్కోర్ పోయేది మీదే.

ఉత్తరం ఇలా రాయొచ్చు

'క్లినిక్ మేనేజర్ గారికి,
ఫిబ్రవరిలో మీ దగ్గర రూ.32,000 చెల్లించి గడ్డం భాగానికి 8 లేజర్ సిట్టింగ్స్ ప్యాకేజీ తీసుకున్నాను. 5 పూర్తయ్యాయి. వెంట్రుకలు తగ్గలేదు. ముందు, తర్వాత ఫొటోలు జత చేస్తున్నాను. హార్మోన్ సమస్య గురించి నన్ను అడగలేదు, పరీక్ష రాయలేదు. శాశ్వతంగా పోతాయని మీరు పంపిన మెసేజ్ కూడా జత చేశాను. మిగిలిన 3 సిట్టింగ్స్ నాకు వద్దు. వాటికి రూ.12,000, పూర్తయిన వాటిలో సగం రూ.10,000, మొత్తం రూ.22,000 ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో నా ఖాతాలో వేయగలరు. కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలపండి.'

దీన్ని ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఫోన్‌లో మాట్లాడింది సాక్ష్యంగా మిగలదు. 'క్యాష్ ఇవ్వలేం, వేరే ఫేషియల్ చేస్తాం' అంటే ఇష్టం లేకపోతే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఒప్పుకుని సంతకం పెడితే మాత్రం తర్వాత రీఫండ్ అడగడం కష్టమవుతుంది.

స్పందించకపోతే?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయండి, లేదా consumerhelpline.gov.in లో ఫిర్యాదు పెట్టండి. వాళ్లు క్లినిక్‌తో మాట్లాడతారు కానీ ఆర్డర్ వేసే అధికారం ఉండదు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. గుణదల వాళ్లయితే విజయవాడలోనే కేసు వేయొచ్చు. క్లినిక్ హెడ్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా అక్కడికి తిరగక్కర్లేదు. 2019 చట్టం మీరు ఉంటున్న చోటే కేసు వేసుకోనిస్తుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. సమస్య మొదలైనప్పటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

మరి బిల్లు మీద 'నో రీఫండ్' సంగతేంటి? సేవలో లోపం ఉన్నా దాన్ని ఆపి డబ్బు తిరిగి ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. అంటే లోపం ఉందని మీరు చూపించగలిగితే ఆ ముద్ర క్లినిక్‌ను కాపాడదు. చూపించలేకపోతే మాత్రం ఆ యువతి చేతికి వచ్చేది వాడని మూడు సిట్టింగ్స్ డబ్బే కావొచ్చు.