స్తంభం వెనక నాయనమ్మ చెయ్యి

గృహప్రవేశం రోజున కొత్త ఇంటి ముందు ఇంటిల్లిపాదీ నిలబడి దిగిన ఫొటో అనుకుందాం. అందరూ బాగానే పడ్డారు. ఒక్క కరెంటు స్తంభం మాత్రం నాయనమ్మ ఎడమ భుజానికి అడ్డంగా వచ్చి, మోచేయి దాకా మింగేసింది. ఫొటో పటం కట్టించాలంటే ఆ స్తంభం పోవాలి. దాన్ని చెరపడం కష్టమేమీ కాదు. అది పోయాక మిగిలే ఖాళీలో నాయనమ్మ చెయ్యి రావాలి, అసలు పని అక్కడే ఉంది.

ఫొటోషాప్‌లో 2010 నుంచి కంటెంట్-అవేర్ ఫిల్ అనే సదుపాయం ఉంది. ఎంచుకున్న చోటును చుట్టుపక్కల కనిపించే ముక్కలతో అది నింపేస్తుంది. స్తంభం వెనక ఉన్నది గోడో ఆకాశమో అయితే చక్కగా కుదురుతుంది. కానీ అక్కడ ఒక చెయ్యి ఉండాలని దానికి తెలియదు. భుజం దగ్గర గోడ సున్నం, మోచేయి దగ్గర చీర అంచు అతికించి ఊరుకుంటుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు ముందు అడిగే ప్రశ్న, "అప్పుడే తీసిన ఇంకో ఫొటో ఉందా?" అని. దీని వెనక చిన్న లెక్క ఉంది. పది సెంటీమీటర్ల మందం స్తంభం కెమెరాకు 3 మీటర్ల దూరంలో, నాయనమ్మ 6 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. స్తంభం ఆమె మీద 20 సెంటీమీటర్ల మేర కప్పేస్తుంది. ఫొటోగ్రాఫర్ 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు, పక్కకు జరిగి ఇంకోటి తీసి ఉంటే ఆ మరుగు కూడా అంతే దూరం ఎదురు దిక్కుకు జరుగుతుంది. మొదటి ఫొటోలో దాగిన భాగమంతా రెండోదానిలో బయటపడుతుంది. ఆమె కదలకుండా ఉంటే చాలు, ఆ ముక్క తెచ్చి, కొలత, రంగు సరిచూసి, వేరే లేయర్ మీద అమర్చవచ్చు. ఇది ఊహించి గీసింది కాదు, ఆమె చెయ్యే. దీన్ని మించిన దారి లేదు.

రెండో ఫొటో లేకపోతే ముందు వెనకున్న గోడను పూర్తిచేస్తారు. చేతిని దాని పైన ఇంకో లేయర్‌లో కడతారు, అప్పుడు చెయ్యి తప్పుపోయినా గోడ చెడదు. కుడిచేతిని కాపీ చేసి అద్దంలోలా తిప్పి పెట్టేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. నాయనమ్మ విషయంలో అది వెంటనే దొరికిపోతుంది. పైట ఉండేది ఎడమ భుజం మీద. కుడివైపు రవిక చెయ్యి కనిపిస్తుంది, పైట కనిపించదు. వెలుగు కుడివైపు నుంచి పడుతుంటే, తిప్పిన చెయ్యి మీద ఎడమ నుంచి పడినట్టు ఉంటుంది. మగవాళ్ల చొక్కాలోనూ ఇంతే, ఎడమవైపు ఉండాల్సిన జేబు మాయమైపోతుంది. కుడిచేతి నుంచి తీసుకోదగ్గది కొలత మాత్రమే. చెయ్యి కిందికి వేలాడుతుంటే మోచేయి దాదాపు నడుము ఎత్తులో ఉంటుంది, కుడి మోచేయి ఎత్తు చూసి ఎడమది నిర్ణయించుకోవచ్చు.

బట్టను స్తంభానికి అటూ ఇటూ కనిపించే చీర నుంచే క్లోన్ స్టాంప్‌తో తెస్తారు. అంచు గీత ఒకవైపు ఆగిన చోటు నుంచి రెండోవైపు మొదలైన చోటుకు వంపు తప్పకుండా కలవాలి. నిజానికి చూసేవాళ్ల కన్ను ముందు పట్టేది ఈ గీతనే. తర్వాత వెలుగుకు దూరంగా ఉన్న అంచును కాస్త ముదురు చేస్తారు. అసలు ఫొటోలో ఉన్న సన్నని రవ్వను కొత్త ముక్కకూ అద్దుతారు, లేకపోతే అక్కడ మాత్రం ప్లాస్టిక్‌లా నున్నగా మెరుస్తుంది.

స్తంభం నీడను, దాని మొదలును మరిచిపోవడం కూడా మామూలే. పేరున్న చోట్లా ఇది జరిగింది. 2016లో ఇటలీలోని టూరిన్ దగ్గర స్టీవ్ మెక్‌కరీ ఫొటోల ప్రదర్శన పెట్టినప్పుడు, క్యూబా వీధి చిత్రం ఒకదానిలో బోర్డు స్తంభం ముక్క ఒక పాదచారి కాలి దగ్గర మిగిలిపోయి కనిపించింది. ఆయన అది తాను ఊళ్లో లేనప్పుడు ముద్రించి పంపిన ప్రింటన్నారు. ఆ గొడవతో ఆయన ఇతర చిత్రాలనూ జనం వెదికి చూశారు. వార్తాచిత్రంలో ఇలాంటి తొలగింపు అసలు తగదు. ఇంటి పటానికి ఆ నియమం లేదు, కానీ అసలు ఫైలును మార్చకుండా విడిగా దాచాలి.

పని అయ్యాక చిత్రాన్ని చిన్నది చేసి, అడ్డంగా తిప్పి చూస్తారు. అలవాటు పడిన కన్నుకు తప్పు అప్పుడు తడుతుంది.

స్తంభం ముఖానికే అడ్డు వస్తే మాత్రం దారి మూసుకుపోయినట్టే. ఎవరి ముఖమూ రెండువైపులా ఒకేలా ఉండదు. కనిపించే సగాన్ని తిప్పి అతికిస్తే ఆమెకు అక్కలాంటి ఇంకెవరో తయారవుతారు, మనవలు ఒక్క చూపులో కనిపెడతారు. అదే రోజు, అదే వైపు నుంచి, అదే వెలుగులో తీసిన ముఖం ఇంకో ఫొటోలో దొరికితే తెచ్చుకోవాలి. దొరక్కపోతే స్తంభాన్ని ఉన్నచోటే ఉంచి ఫొటోను పటం కట్టించడం మంచిది.