ఆరుద్ర పాపకు పేరు

ఆరుద్ర నక్షత్రం నాలుగు పాదాలకూ పంచాంగం ఇచ్చే అక్షరాలు కు, ఘ, ఙ, ఛ. చంద్రుడు ఒక పాదాన్ని దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది కాబట్టి, పుట్టిన సమయం సరిగా తెలిస్తేనే అక్షరం తేలుతుంది.

పాప నాలుగో పాదంలో పుట్టిందనుకుందాం. ‘ఛ’తో ఛవి, ఛాయ ఉన్నాయి. రెండూ పొట్టివి, ఈ కాలానికి ఇంపైనవి. ఇక్కడే చాలామంది ఒత్తు వదిలేసి ‘చార్వి’ అని పెట్టేస్తారు. కానీ ‘చా’ రేవతి మూడో పాదానిది. పేరును బట్టి నక్షత్రం చూసేవారికి పాప మిథున రాశి నుంచి మీనానికి మారిపోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఈ తేడా కనబడదు, అందుకే పేరును ముందు తెలుగులో రాసి చూసుకోవాలి. గుణింతమూ ముఖ్యమే: ‘కు’ ఆరుద్రది, ‘కా’ మృగశిరది.

మూడో పాదమైతే ‘ఙ’తో పేరే దొరకదు. అప్పుడు అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోవడం వాడుకలో ఉంది. కుందన, కుహు అలా వస్తాయి. మనసుకు నచ్చిన పేరు వేరే ఉంటే, బియ్యంలో జన్మనామం రాసి, పిలిచే పేరు విడిగా పెట్టుకోవడం నాకు మరింత సబబుగా తోస్తుంది.