డబ్బు చేతికొచ్చే తేదీ ఏది?

ఉద్యోగం పోయిన రాత్రి అందరూ నెలకెంత సంపాదించాలనే లెక్కతోనే కుస్తీ పడతారు. ఆ రాత్రికి పనికొచ్చే లెక్క వేరే ఉంది. ఏ తేదీకి ఎంత కట్టాలి, ఆలోగా ఏ పని డబ్బు చేతికొస్తుంది అన్నదే ఆ లెక్క. పని ఎప్పుడు దొరుకుతుందన్నది ఒకటి, దాని డబ్బు ఎప్పుడొస్తుందన్నది మరొకటి. ఈ రెంటికీ మధ్య ఒక్కోసారి నెల రోజుల దూరం ఉంటుంది.

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉండే ఒక అకౌంటెంట్‌ని ఊహించుకుందాం. 12వ తేదీ సోమవారం సాయంత్రం కంపెనీ ఆయనను రేపటి నుంచి రావొద్దంది. బ్యాంకులో 17 వేలున్నాయి. ఇంటి ఖర్చు రోజుకు 400. వచ్చే నెల 5న అద్దె 11 వేలు, 10న బండి వాయిదా 3,800. 5వ తేదీ దాకా 23 రోజుల ఇంటి ఖర్చుకు 9,200 పోతే మిగిలేది 7,800. అంటే అద్దెకే 3,200 తక్కువ పడుతుంది. ఇంకో అయిదు రోజుల ఖర్చు, బండి వాయిదా కలిపితే 10వ తేదీకి లోటు 9 వేలవుతుంది. జీతమంతా పోయిందన్న దిగులులో ఈ అంకె కనిపించదు. ఆయనకు ఇప్పుడు కావలసింది 36 వేల జీతం కాదు, నాలుగు వారాల్లో 9 వేలు.

మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది. రావలసిన జీతం, సెటిల్‌మెంట్ ఏ రోజు వేస్తారో అడుగుతూ కంపెనీకి మెయిల్ పెట్టాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం నుంచి తీసేసిన రెండు పని దినాల్లో జీతం బకాయిలు చెల్లించాలి. అడగడం ఆయన హక్కు. అయితే ఆ డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

ఇక పనుల వరుస చూద్దాం. అన్నిటికన్నా త్వరగా డబ్బు చేతిలో పడేవి పూట పనులు. పెళ్లిళ్లలో వడ్డనకు వెళితే క్యాటరింగ్ మేస్త్రీ మామూలుగా ఆ రాత్రే డబ్బిచ్చి పంపుతాడు. కారు నడపడం వస్తే యాక్టింగ్ డ్రైవర్‌గా వెళ్లొచ్చు. బండి యజమాని దిగేటప్పుడే ఇచ్చేస్తాడు. వీటి ఇబ్బంది పని దొరకడంలోనే. ముహూర్తాలు లేని వారం క్యాటరింగ్ ఉండదు. అందుకే వీటిని మొత్తం లోటు తీర్చే దారిగా కాక, మొదటి వారం కూరగాయల ఖర్చుకు ఆసరాగా చూడాలి.

బైక్ ట్యాక్సీలోనూ ప్రయాణికుడు అక్కడికక్కడే ఇస్తాడు. కానీ లైసెన్సు, ఆర్‌సీ, పాన్ అప్‌లోడ్ చేసి ఐడీ వచ్చేదాకా ఆగాలి. పైగా సొంతానికి వాడుకునే బండిమీద తీసిన ఇన్సూరెన్సు, కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే చెల్లకపోవచ్చు. ఆ కాగితం ఒకసారి చదివాకే దిగాలి.

ఫుడ్ డెలివరీ అంత తొందరగా డబ్బు తెచ్చేది కాదు. అక్కడ లెక్క వారానికోసారి. సోమవారం నుంచి ఆదివారం దాకా చేసిన పనికి తర్వాతి వారం మధ్యలో ఖాతాలో పడుతుందనుకుందాం. మన అకౌంటెంట్ 21వ తేదీ బుధవారం మొదలుపెడితే 28న వచ్చేది అయిదు రోజుల డబ్బే. అందులోంచి బ్యాగు, టీషర్టుల ఖర్చు కోసుకుంటారు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకే దాదాపు 240 అవుతుంది. అంటే మొదటి రూపాయి వచ్చేలోపే కనీసం 1,200 సొంత జేబులోంచి పెట్టాలి. ఇంకో చిక్కుంది. క్యాష్ ఆర్డర్ల డబ్బు జేబులో ఉంటుంది కానీ అది తనది కాదు. దాన్ని ఇంటి ఖర్చుకు వాడితే కంపెనీకి జమ చేయాల్సి వచ్చినప్పుడో, వారం చెల్లింపులోంచి కోసుకున్నప్పుడో ఇబ్బంది పడాలి.

ట్యూషన్లు ఇంకా ఆలస్యం. నెల చెప్పాక ఫీజు ఇవ్వడం మన దగ్గర అలవాటు. 15న మొదలుపెడితే వచ్చే నెల 15కే డబ్బు. ఏజెన్సీ ద్వారా వెళితే మొదటి నెల ఫీజులో పెద్ద వాటా వాళ్లకే పోవచ్చు. తెలిసినవాళ్ల పిల్లలైతే ఒకటో తేదీకి రెండు వారాల ఫీజు ఇవ్వమని ముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు.

వరుసలో చివరిది, చాలామంది మొదట పరుగెత్తేది, విదేశీ ఫ్రీలాన్స్ సైట్ల పని. అప్‌వర్క్‌లో మొత్తం ధర ముందే మాట్లాడుకున్న పనిని 20వ తేదీన అప్పగిస్తే, దాన్ని ఆమోదించడానికి అవతలివారికి 14 రోజుల గడువుంటుంది. తర్వాత మరో అయిదు రోజులు సైటు ఆ డబ్బును ఆపి ఉంచుతుంది. అవతలివారు గడువంతా వాడుకుంటే 8వ తేదీ వస్తుంది, ఆపైన బ్యాంకు రోజులు. అద్దె తేదీ అప్పటికే దాటిపోతుంది. అసలు మొదటి పని దొరకడానికే వారాలు పట్టొచ్చు. ఇది రేపటి ఆదాయానికి పనికొస్తుంది, ఈ అద్దెకు కాదు.

ఈ వరుసలో దాదాపు ఎవరూ చూడని చోటొకటుంది. పాత వృత్తినే, గడువు దగ్గరపడి చేతులు చాలని వాళ్లకు అమ్మడం. ఈయన ఉద్యోగం పోయింది 12న. నెలనెలా జీఎస్టీ కట్టే వ్యాపారులకు 14న జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. అందులోని బిల్లులను ట్యాలీలో ఉన్న కొనుగోళ్లతో సరిచూసుకుని 20లోగా జీఎస్టీఆర్-3బీ వేయాలి. గడువు దాటితే రోజుకింత అని ఆలస్య రుసుము పడుతుంది. కాబట్టి ఆ వారం రోజులూ చిన్న సీఏ ఆఫీసుల్లో, ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గర ఊపిరాడదు. 13వ తేదీ పొద్దున్నే తెలిసిన నాలుగు ఆఫీసులకు ఫోన్ చేయాలి. ‘ఉద్యోగం ఉందా సార్?’ అని అడిగితే లేదంటారు. ‘20 దాకా ఎంట్రీలు, 2బీ టాలీ చేసిపెడతాను సార్, రోజు లెక్కన 20 సాయంత్రం ఇచ్చేయండి’ అంటే వినే వీలుంది. డబ్బు తేదీ ఆ ఫోన్‌లోనే తేల్చుకోవాలి. పని అయ్యాక అడిగితే ‘క్లయింట్ ఇచ్చాక’ అన్న మాట వస్తుంది, ఆ తర్వాత చేయగలిగేది పెద్దగా ఉండదు.

ఇలా మాట కలిసి రోజుకు 700 చొప్పున, ఆదివారం తీసేసి ఆరు రోజులు చేస్తే 20న 4,200 వస్తాయి. రెండు పూటలు వడ్డనకు వెళ్లి 1,200. 21 నుంచి సాయంత్రాలు డెలివరీ చేస్తూ పెట్రోలు పోను రోజుకు 400 మిగిల్చుకుంటే, 28న బ్యాగు ఖర్చు 500 పోగా 1,500. తర్వాతి వారం ఆరు రోజులకు 4న 2,400. మొత్తం 9,300. ఈ అంకెలు నేను అనుకున్నవి. ఊరినిబట్టి, సీజన్‌నిబట్టి మారతాయి. ఎవరివి వాళ్లు వేసుకోవాలి, తేదీ మాత్రం ప్రతి అంకె పక్కనా రాసుకోవాలి. పగటి పూట ఇంటర్వ్యూలకు ఖాళీ ఉండేలా చూసుకోవడమూ అవసరమే.

డబ్బు వచ్చే వేగమే చూస్తే ఈ పనులన్నిటికన్నా ముందుండేది మోసం. అందుకే దీన్ని గట్టిగా చెప్పాలి. హోటల్‌కు రేటింగ్ ఇస్తే, వీడియోకు లైక్ కొడితే చాలని మెసేజ్ వస్తుంది. పది నిమిషాల్లో 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. ఆ నమ్మకంమీదే తర్వాతి ‘టాస్క్’కు ముందు వెయ్యి కట్టమంటారు, ఆపైన అయిదు వేలు, తెరమీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే ఇంకా కట్టమంటారు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగిన క్షణమే ఆగిపోవాలి. ఇప్పటికే పంపి ఉంటే తెల్లారేదాకా చూడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. ఆ డబ్బు ఖాతాలు మారేలోపు ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

20వ తేదీ సాయంత్రం సీఏ ఆఫీసులో డబ్బు తీసుకునేటప్పుడు మన అకౌంటెంట్ ఒక మాట అడిగి రావాలి. ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1 గడువు. ‘6వ తేదీ నుంచి రమ్మంటారా సార్?’