సరస్సు పక్కన పిన్ను, వీధి మొదట్లో కారు

హనోయ్ నగరం నడిబొడ్డున హోవాన్ కీమ్ సరస్సు ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రిదాకా దాని చుట్టూ ఉన్న వీధుల్లోకి బండ్లను రానివ్వరు. 2016 నుంచీ ఇదే పద్ధతి. నడిరోడ్డు మీద పిల్లలు బొమ్మ కార్లు తోలుతుంటారు, పెద్దలు ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతుంటారు. శనివారం రాత్రి అక్కడే నిలబడి గ్రాబ్ యాప్‌లో కారు బుక్ చేసే పర్యాటకుడి కష్టాలు సరిగ్గా ఇక్కడే మొదలవుతాయి.

2018లో ఉబర్ ఆగ్నేయాసియా వ్యాపారాన్ని గ్రాబ్‌కు అప్పగించి వెళ్లిపోయింది. అందుకే మన దగ్గర అలవాటైన యాప్ వియత్నాంలో పనికిరాదు. కొత్త యాప్ వేసుకోవడం నిమిషాల పని. మ్యాప్ మీద కనిపించే రెండు గుర్తుల తేడా తెలియడమే ముఖ్యం. నీలి చుక్క మనం ఉన్న చోటు, అదీ ఫోన్ అంచనా మాత్రమే. పిన్ను కారు రావాల్సిన చోటు. హనోయ్ పాతబస్తీలో ఇళ్లు ఇరుకుగా, పొడవుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య జీపీఎస్ సంకేతం గోడలకు తగిలి వస్తుంది కాబట్టి నీలి చుక్క ఒక్కోసారి పక్క వీధిలోకి జారుతుంది. దాన్ని నమ్మి ఖరారు నొక్కేస్తే డ్రైవరు ఇళ్ల వరుసకు అవతలి వైపున ఆగుతాడు. మ్యాప్‌లో ఇరవై మీటర్ల దూరమే, నడిస్తే వీధి మొత్తం చుట్టి రావాలి.

హైదరాబాద్ నుంచి వెళ్లిన నలుగురి కుటుంబం ఒకటి శనివారం రాత్రి ఎనిమిదింటికి సరస్సు ఒడ్డున ఉందనుకుందాం. బుక్ చేయడానికి ముందే వాళ్లు హాంగ్ గాయి వీధి వెంట పడమటికి నడిచి, హాంగ్ బోంగ్ వీధి మొదలయ్యే చోటికి చేరాలి. అక్కడ బండ్లు తిరుగుతున్నాయని కళ్లతో చూసుకున్నాక మ్యాప్‌ను పెద్దది చేసి, బోర్డు మీద పేరూ ఇంటి నంబరూ ఉన్న కొట్టు ముందుకు పిన్ను జరపాలి. వియత్నాంలో దాదాపు ప్రతి కొట్టు బోర్డు మీదా వీధి పేరు, నంబరు రాసి ఉండటం అలవాటు. మన ఊళ్లలో ఈ సుఖం తక్కువే.

కారు ఖరారైంది. కాసేపటికి డ్రైవరు నుంచి మెసేజ్: em o dau hang bong. కింద ఇంగ్లిష్ అనువాదం మాత్రం ‘హాంగ్ బోంగ్‌లో నువ్వెక్కడున్నావ్?’ అన్నట్టు వచ్చిందనుకోండి. ఆయన చెప్పింది అది కాదు. ‘నేను హాంగ్ బోంగ్ మొదట్లో ఉన్నాను’ అన్నాడు.

ఈ తికమకకు కారణాలు రెండు. వియత్నామీయులు ఫోన్‌లో గబగబా కొట్టేటప్పుడు అక్షరాల మీది గుర్తులు వదిలేస్తారు. గుర్తులు పోతే dau అన్నది ‘ఎక్కడ’ కావచ్చు, ‘మొదలు’ కావచ్చు, ‘నొప్పి’ కూడా కావచ్చు. రెండోది వరస. వాళ్ల మాటల్లో నేను, నువ్వులకు బదులు అన్న, అక్క, చెల్లి, బాబాయి అనే వరసలే నడుస్తాయి. em అంటే తమ్ముడో చెల్లెలో. ప్రయాణికుడికి మర్యాదిచ్చి డ్రైవరు తనను తాను ‘తమ్ముడు’ అని చెప్పుకుంటాడు. ఆ em తనా, ఎదుటివాళ్లా అన్నది అనువాద యంత్రం ఊహకే వదిలేసినట్టు.

అందుకే మెసేజ్‌ను మ్యాప్‌తో కలిపి చదవాలి. కారు బొమ్మ కదలకుండా ఆగి ఉంటే, అనువాదం ప్రశ్నలా కనిపించినా అది ‘వచ్చేశాను’ అనే కబురు కావచ్చు. బొమ్మ ఇంకా కదులుతూ ఉంటే నిజంగానే అడుగుతున్నాడేమో. జవాబిచ్చేటప్పుడు ‘ఇక్కడే ఉన్నాం’, ‘ఎదురుగా’ లాంటివి పనికిరావు. కొట్టు పేరు, ఇంటి నంబరు, వీధి పేరు, నలుగురం అన్న మాట చాలు. యాప్‌లో సిద్ధంగా ఉండే చిన్న జవాబులు ఇంకా నయం. అవి ముందే అవతలి భాషలో రాసి పెట్టినవి కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. అంతకన్నా మేలైనది ఫొటో. నంబరు కనిపించేలా కొట్టు బోర్డును తీసి చాట్‌లో పంపితే భాషతో పనే లేదు.

హో చి మిన్ సిటీలో ఇబ్బంది వేరే రకం. అద్దెకు తీసుకున్న గది చిరునామా 120/15 అని ఉంటే, పెద్ద వీధిలో 120వ నంబరు దగ్గర మొదలయ్యే సందులో పదిహేనో ఇల్లని అర్థం. ఆ సందుల్లో స్కూటర్లు దూరతాయి గానీ కార్లు చాలావాటిలో పట్టవు. పెట్టెలున్నవాళ్లు పిన్నును ఇంటి మీద కాకుండా సందు మొగదల పెట్టుకోవాలి. బైకు బుక్ చేసినవాళ్లకు ఆ బెంగ లేదు, నేరుగా గుమ్మం ముందుకే వస్తుంది.

కారు ఆగాక చూడాల్సింది నంబరు ప్లేటు. అద్దెకు తిరిగే కార్లకు 2020 నుంచి అక్కడ పసుపు ప్లేటు ఉండాలి. యాప్‌లో చూపిన నంబరుతో చివరి అయిదు అంకెలూ సరిపోతేనే డిక్కీలో సామాను పెట్టాలి. వారాంతపు రద్దీలో ఒకే రంగు కార్లు వరసగా ఆగుతుంటాయి.