గీత ఎక్కడ జారింది?

మా వదినకు యూట్యూబ్‌లో వంటల ఛానెల్ ఉంది. గుత్తివంకాయ కూర వీడియో పెట్టిన మూడో రోజున ఫోన్ నా చేతికిచ్చి, "జనం ఎక్కడ వెళ్లిపోతున్నారో నువ్వే చూడవయ్యా" అంది.

యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిస్తే ఒక గీత కనిపిస్తుంది. అడ్డంగా వీడియో సమయం, నిలువుగా ఆ క్షణంలో ఇంకా చూస్తున్నవాళ్ల శాతం. మొదట్లో గీత పడిపోవడం ఏ వీడియోకైనా మామూలే. ఎంత పడిందన్నదే లెక్క. వదిన వీడియోలో 30వ సెకనుకు మిగిలింది 44 శాతం. ఆ చోట వీడియో పెట్టి చూశాం. నమస్కారం, సబ్‌స్క్రైబ్ చేయండి, పోయిన వారం కామెంట్లకు ధన్యవాదాలు... 22 సెకన్ల దాకా వంకాయ ఊసే లేదు.

రెండు నిమిషాల దగ్గర గీత కిందికి దిగి, 40 సెకన్ల తర్వాత మళ్లీ పైకి లేచింది. దిగి లేచిందంటే జనం వెళ్లిపోలేదు, ముందుకు జరుపుకున్నారన్నమాట. అక్కడ పల్లీలు, నువ్వులు వేయిస్తూనే ఉంది. దిగి మళ్లీ లేవకపోతేనే మనిషి పోయినట్టు. ఈ తేడా తెలియకపోతే బాగున్న భాగాన్ని కోసేసి, బాగులేనిదాన్ని ఉంచేస్తాం.

మూడున్నర నిమిషాల దగ్గర చిన్న గుట్ట. వదిన మురిసిపోయింది. నాకైతే అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పి చూసినా గుట్ట లేస్తుంది. విని చూస్తే, మసాలా కొలతలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది! నచ్చి కాదు, అందక మళ్లీ చూశారు. వీడియోకు చాప్టర్లు పెట్టినా, నేరుగా అక్కడికి దూకేవాళ్ల వల్ల ఇలాంటి గుట్టలే వస్తాయి.

చివర్లో "ఇంతేనండీ" అన్న మాటకు గీత నిటారుగా పడింది. తర్వాతి వీడియో లింకు వచ్చేది ఆ మాట తర్వాతే. ఇక దాన్ని చూసేదెవరు?

కాకరకాయ పులుసు వీడియోకు మూడే మార్పులు చేశాం. ఉడికిన ముక్కను గరిటెతో విరిచి చూపిస్తూ, చేదు ఎలా పోతుందో మొదటి వాక్యంలోనే చెప్పింది. కొలతలు తెర మీద రాసి, కాసేపు అలాగే ఉంచాం. "ఇంతేనండీ" తీసేసి, రుచి చూస్తుండగానే లింకు వచ్చేలా పెట్టాం. 30వ సెకనుకు 58 శాతం మిగిలారు. కొలతల దగ్గర గుట్ట లేదు. వేయించే చోట గుంట మాత్రం అలాగే ఉంది, అది వచ్చేసారి పని.

పాత వీడియోనూ వదిలేయక్కర్లేదు. స్టూడియోలోని ఎడిటర్‌లో ఆ 22 సెకన్లు కత్తిరించొచ్చు. లింకు మారదు, వ్యూలు పోవు. అయితే నలభై వ్యూలకే గీత చూసి కంగారుపడకండి. అప్పుడు ఒక్కరు వెళ్లినా రెండున్నర శాతం పడుతుంది.